గోడౌన్‌లో చేరిన కొత్తవాళ్లకు మొదటిరోజు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

తోతాపురి సీజన్ రాగానే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు గోడౌన్లలో కొత్తవాళ్లు చేరతారు. వాళ్లను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి రూల్స్ కాగితం చదివితే టీ టైముకల్లా మర్చిపోతారు. ఆ మాటలేవో ఫోర్క్‌లిఫ్ట్ పక్కన నిలబెట్టి చెప్పండి.

ముందు బరువుతో మొదలుపెట్టండి. గుజ్జు డ్రమ్ము ఒక్కోటి దాదాపు 215 కిలోలు. ప్యాలెట్ మీద నాలుగు పెడితే 860. బండి సొంత బరువు దీనికి ఎన్నో రెట్లు. కాబట్టి డ్రమ్ము ఒరుగుతుంటే పట్టుకోబోవద్దు, పక్కకు తప్పుకోవాలి. గుజ్జు పోతే పోయిందని సూపర్‌వైజరే నోరారా చెప్పాలి. లేకపోతే తిట్లకు భయపడి చెయ్యి అడ్డం పెడతారు.

తర్వాత బండి ఆపించి, ఫోర్కులు నేలకు దించి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. ముందు డ్రమ్ముల ప్యాలెట్ ఉండాలి. ఒక్కొక్కరినీ డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. ఇంకొకరిని డ్రమ్ముల అవతల గొంతుకు కూర్చుని స్టిక్కర్ మీద లాట్ నంబరు చదవమనండి. సీట్లో ఉన్నవాళ్లకు గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆ తర్వాత వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

మూడోది చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేది వెనక చక్రాలతో. కారులా ముందు భాగం దాటిపోయింది కదా అని పక్కన నిలబడితే, మలుపులో వెనక భాగం బయటికి విసురుగా వస్తుంది. అందర్నీ దూరంగా నిలబెట్టి, బండి వెనక చక్రం పక్కన ఖాళీ అట్టపెట్టె పెట్టించండి. డ్రైవరన్న ఖాళీ బండిని మెల్లగా అవతలి వైపుకు తిప్పితే పెట్టె నలుగుతుంది. గోడకూ బండికీ మధ్య ఎందుకు నిలబడకూడదో అప్పుడు అడగండి, వాళ్లే చెబుతారు.

ఇక కలిసి పనిచేయడం. లారీ వెనక్కి వస్తుంటే నలుగురూ "రా రా" అని అరవడం మన దగ్గర మామూలే. ఆ అలవాటు మొదటిరోజే మాన్పించాలి. సైగ చేసేది ఒక్కరే, అదీ డ్రైవర్‌కు అద్దంలో కనిపించే చోట నిలబడి. "ఆపు" మాత్రం ఎవరైనా అనొచ్చు, నిన్న చేరినవాళ్లయినా సరే. తమిళమే బాగా వచ్చినవాళ్లు కూడా మన గోడౌన్లలో ఉంటారు కాబట్టి మాటతో పాటు రెండు చేతులూ పైకెత్తడం నేర్పండి. అక్కడికక్కడే కొత్తవాళ్లలో ఒకరితో ఆపించండి. డ్రైవరన్న విసుక్కోకుండా ఆగితేనే రేపు వాళ్లు మళ్లీ చెయ్యెత్తుతారు.

ఎక్కిందో లేదో మధ్యాహ్నం చూడండి. బండికి అడ్డంగా దాటేముందు డ్రైవర్ మొహం చూసి, ఆయన తలూపాక కదిలితే ఎక్కినట్టే. ఫోన్ చూసుకుంటూ దాటేవాళ్లను ఆ వారమంతా పాతవాళ్ల జతలోనే ఉంచండి, లారీ దగ్గర ఒంటరిగా వదలొద్దు.