మన బండి తాళం – 3వ భాగం: సెల్లు మార్చడం, స్పేర్ తాళం జత చేయించడం

గత భాగంలో సెంట్రల్ లాకింగ్ మోటార్ల సంగతి చూశాం. ఈసారి చేతిలో ఉండే తాళం వంతు. తిప్పి స్టార్ట్ చేసే మామూలు రిమోట్ తాళాన్నే పాఠంగా తీసుకుంటాను. బటన్ నొక్కి స్టార్ట్ చేసే స్మార్ట్ కీ గురించి చివర్లో కొంచెం చెబుతాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ ప్లాస్టిక్ డబ్బాలో మూడు పనులు వేరువేరుగా జరుగుతాయి. ఇనుప తాళం తలుపునూ ఇగ్నిషన్‌నూ తిప్పుతుంది. బటన్లున్న చిన్న బోర్డు రేడియో సంకేతం పంపి తలుపులు తెరుస్తుంది, దీనికే సెల్లు కావాలి. మూడోది ఇమ్మొబిలైజర్ చిప్. ఇంజన్ నడవడానికి అనుమతి తెచ్చేది ఇదే, దీనికి సెల్లుతో పనిలేదు. ఒకటి పాడైనా మిగతా రెండూ నిక్షేపంగా పనిచేస్తాయి కాబట్టి, ఏది పనిచేస్తోంది ఏది చేయట్లేదు అని చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

సెల్లు మార్చడం

సెల్లు నీరసించిందని మొదట చెప్పేది దూరం. రోడ్డు అవతల నుంచి తెరుచుకునే తలుపు, బండి పక్కకొచ్చి నొక్కితే గానీ తెరుచుకోదు. టీవీ రిమోట్‌ని పరీక్షించినట్టు ఫోన్ కెమెరా ముందు పెట్టి చూసేవాళ్ళున్నారు. ఆ చిట్కా ఇక్కడ పనికిరాదు. టీవీ రిమోట్ పంపేది కంటికి కనిపించని వెలుగు, కారు రిమోట్ పంపేది రేడియో తరంగం. మన దగ్గర చాలా బళ్ళలో అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కెమెరాలో ఏమీ కనిపించలేదని రిమోట్ చచ్చిపోయిందనుకోకండి.

డబ్బా అంచున చిన్న గాడి ఉంటుంది. అక్కడ చిన్న స్క్రూడ్రైవర్ మొనకి టేపు చుట్టి పెట్టి, పైకి ఎత్తకుండా మెల్లగా మెలి తిప్పండి. తెరిచాక సెల్లు తీసేముందు ఒక ఫొటో తీసుకోండి. ప్లస్ గుర్తు పైకుందా కిందికుందా అని తర్వాత తల పట్టుకోనక్కర్లేదు. సెల్లు మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోవాలి. ఎక్కువగా కనిపించే సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. బీసెంట్ రోడ్డు వైపు వాచీ కొట్టులో 2032 అడిగితే లేదని 2025 ఇవ్వబోతే వద్దనండి. రెండూ 3 వోల్టులే, వెడల్పూ ఒకటే, కానీ 2025 మందం 2.5 మిల్లీమీటర్లే. రేకు దాన్ని సరిగా పట్టుకోదు. ఇవాళ పనిచేసి రేపు గుంతలో బండి ఎగిరినప్పుడు మొరాయిస్తుంది.

మల్టీమీటర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. సెల్లు విడిగా కొలిస్తే 2.9 వోల్టులు చూపించి మోసం చేయొచ్చు. బోర్డులో ఉండగానే కొలుస్తూ బటన్ నొక్కండి. నొక్కగానే 2.5 కిందికి జారితే దాని పని అయిపోయినట్టే. కొత్త సెల్లు పెట్టేటప్పుడు లోహపు చిమటాతో రెండు ముఖాలూ కలిపి పట్టుకోకండి, షార్ట్ అవుతుంది. అంచు పట్టుకుని పెట్టి, పొడిబట్టతో తుడవండి. పాత సెల్లు బల్ల మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోయే ప్రమాదముంది, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం అది.

సెల్లు తీస్తే కోడింగ్ అంతా పోతుందని భయపెట్టేవాళ్ళ మాట పట్టించుకోవద్దు. రిమోట్ తన లెక్కని కరెంటు పోయినా చెరగని మెమరీలో దాచుకుంటుంది. నొక్కిన ప్రతిసారీ అది ఒక కొత్త సంఖ్యని పంపుతుంది, బండి చివరి సంఖ్యని గుర్తుపెట్టుకుని దాని తర్వాత వచ్చే కొన్నిటినే ఒప్పుకుంటుంది. ఇంట్లో పిల్లవాడు ఆడుకుంటూ పదేపదే నొక్కేస్తే రిమోట్ బండి లెక్కని దాటి ముందుకెళ్ళిపోతుంది. అప్పుడు బండి దగ్గర నిలబడి ఒకే బటన్‌ని వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కితే చాలా వాటిలో మళ్ళీ దారికొస్తుంది. రాకపోతే రిమోట్‌ని తిరిగి జత చేయాలి.

డబ్బా తెరిచినప్పుడు ఇంకోటి కూడా చూడండి. బోర్డు పక్కన గూట్లో చిన్న నల్ల ముక్క ఉంటుంది, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం. కొన్ని తాళాల్లో గాజు గొట్టంలా ఉంటుంది, ఇంకొన్నిటిలో బోర్డుకే అతికి ఉంటుంది. ఇమ్మొబిలైజర్ చిప్ అదే. తాళం కవర్ పగిలిందని కొత్త కవర్ వేయించుకుని, పాత కవర్‌ని అందులోని నల్ల ముక్కతో సహా చెత్తబుట్టలో వేసేసినవాళ్ళు ఎందరో. తలుపు తెరుచుకుంటుంది, బండి కదలదు.

ఇమ్మొబిలైజర్ ఏం చేస్తుంది

ఇగ్నిషన్ తాళం రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ఉంగరం ఒకటుంటుంది, అందులో తీగ చుట్ట. తాళం పెట్టి తిప్పగానే ఆ చుట్టలోకి కరెంటు వెళ్ళి చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. చాలా బళ్ళలో అది 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. తాళంలోని చిప్ ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని మేలుకుంటుంది. అందుకే దానికి సెల్లు అక్కర్లేదు, అందుకే అది కొద్ది సెంటీమీటర్ల దూరం దాటి పనిచేయదు.

మేలుకున్న చిప్ ముందు తన నంబరు చెబుతుంది. ఆ నంబరు తన జాబితాలో ఉందో లేదో బండిలోని కంప్యూటర్ చూసుకుంటుంది. ఉంటే ఊరుకోదు, అప్పటికప్పుడు ఒక సంఖ్యని పుట్టించి పంపుతుంది. చిప్ తనలో దాచిన రహస్య సంఖ్యతో లెక్క చేసి జవాబిస్తుంది. అదే లెక్కని కంప్యూటర్ కూడా చేసుకుని రెండూ పోల్చుకుంటుంది. రహస్య సంఖ్య మాత్రం గాల్లోకి ఎప్పుడూ రాదు, కంప్యూటర్ పంపే సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒకసారి విన్న జవాబు రెండోసారి చెల్లదు. ఇదంతా మనం తాళం పూర్తిగా తిప్పేలోపే అయిపోతుంది. జవాబు తప్పితే ఇంధనం, స్పార్క్ ఆగిపోతాయి. కొన్ని బళ్ళలో స్టార్టరే తిరగదు. కొన్నిటిలో ఇంజన్ అందుకుని రెండు సెకన్లకే ఆగిపోతుంది, మీటర్ల దగ్గర తాళం గుర్తున్న దీపం మిణుకుతుంది.

తాళాల గుత్తిలో ఇంకో బండి చిప్ తాళం కూడా ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి మేలుకుని మాట కలగాపులగం కావచ్చు. ఒక్కోసారి స్టార్ట్ అయ్యి ఒక్కోసారి కాని బండికి మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు తాళాన్ని గుత్తి నుంచి విడదీసి చూడండి.

బావగారి మూడు తాళాలు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారు రెండు తాళాలతో ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. విజయవాడలో చదువుతున్న అబ్బాయికి ఇంకోటి కావాలని, చేతిలో ఉన్న తాళం ఒక్కటే పట్టుకుని ఇక్కడి ఆటోనగర్‌లో చేయించారు. కొత్తది చక్కగా పనిచేసింది. ఆదివారం మా అక్క బీరువాలోని రెండో తాళం తీసింది. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంది, ఇంజన్ అందుకుంది, రెండు సెకన్లలో ఆగింది.

“కొత్త సెల్లు వేశానురా, అయినా అంతే!” అన్నారు బావగారు ఫోన్‌లో.

“తలుపు రిమోట్‌తోనే తెరుచుకుంటోందా బావా?”

“ఆ, శుభ్రంగా.”

అంటే సెల్లు బాగుంది, బోర్డు బాగుంది. ఇగ్నిషన్ తిరిగింది కాబట్టి ఇనుప తాళమూ బాగుంది. మిగిలింది చిప్. “దీపం మిణుకుతోందా?” అంటే మిణుకుతోందన్నారు. మిగతా తాళాలతో బండి మామూలుగా నడుస్తోంది కాబట్టి తీగ చుట్ట కూడా బాగున్నట్టే. బీరువా తాళం పేరు జాబితాలోంచి పోయింది.

ఎలా పోయిందో తెలియాలంటే జత చేసేటప్పుడు జరిగేది చూడాలి. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కి స్కానర్ తగిలిస్తారు. స్కానర్ ముందు భద్రతా కోడ్ ఇచ్చి, తాళాల జాబితా మార్చడానికి కంప్యూటర్ అనుమతి అడుగుతుంది. అనుమతి దొరికాక చాలా బళ్ళలో మొదటి పని పాత జాబితా అంతా చెరపడం. తర్వాత ఒక్కో తాళాన్నీ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తారు, చిప్ నంబరు జాబితాలోకి ఎక్కుతుంది. కొత్త ఖాళీ చిప్ అయితే రహస్య సంఖ్యని అందులో రాసి మూసేస్తారు. ఇలా మూసిన చిప్‌ని ఇంకో బండికి వాడటం చాలా రకాల్లో కుదరదు, అందుకే పాత తాళం చవగ్గా దొరికిందని కొనకండి. ఆ రోజు పెట్టిన రెండు తాళాలే జాబితాలో మిగిలాయి. రిమోట్ల లెక్క వేరే కంట్రోల్ యూనిట్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి బీరువా తాళం తలుపు తెరుస్తూనే ఉంది.

మూడూ పట్టుకుని మళ్ళీ వెళ్తే పని తేలిగ్గానే అయింది. ఈసారి బావగారికి నేను రెండు జాగ్రత్తలు చెప్పాను. ఒకటి, కారు బ్యాటరీ 12 వోల్టుల పైన నిలకడగా ఉండాలి. ఇగ్నిషన్ ఆన్‌లో చాలాసేపు ఉంటుంది, పాత బ్యాటరీ మధ్యలో పడిపోతే రాత సగంలో ఆగి ఏ తాళమూ పనిచేయని స్థితి రావచ్చు. ఏసీ, లైట్లు ఆపించి, అవసరమైతే చార్జర్ తగిలించమనాలి. రెండోది, భద్రతా కోడ్‌ని అంచనాగా కొట్టనివ్వకూడదు. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కంప్యూటర్ కొంతసేపు తలుపు మూసేసుకుంటుంది. ఆర్సీ, యజమాని గుర్తింపు పత్రం చూపించి కోడ్‌ని కంపెనీ డీలర్ దగ్గర తీసుకోవడమే మంచి దారి.

పాత బండి కొన్నవాళ్ళకి ఇక్కడ ఒక ఉపయోగముంది. చెరిపేముందు, జాబితాలో ఎన్ని తాళాలున్నాయో స్కానర్ మీద చూపించమనండి. చాలా స్కానర్లు చూపిస్తాయి. మీ చేతిలో రెండుండి అక్కడ మూడని ఉంటే మూడోది ఎవరి దగ్గరో ఉందన్నమాట. చెరిపి మీవి మాత్రమే ఎక్కిస్తే ఆ మూడోదానితో బండి స్టార్ట్ కాదు. తలుపు మాత్రం ఇనుప తాళంతో తెరుచుకుంటుంది, అది కూడా వద్దంటే తాళం సెట్టే మార్చాలి.

స్మార్ట్ కీ వాళ్ళకి: సెల్లు పూర్తిగా చచ్చినా అందులోనూ చిప్ బతికే ఉంటుంది. కీలో దాచిన ఇనుప తాళంతో తలుపు తెరిచి, బ్రేక్ నొక్కి పట్టుకుని, కీని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే చాలా బళ్ళు స్టార్ట్ అవుతాయి. కొన్నిటిలో తీగ చుట్ట బటన్ వెనక కాకుండా కప్ హోల్డర్‌లోనో స్టీరింగ్ పక్కనో ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఆ పేజీ వెతికి పెట్టుకోండి. వచ్చే భాగంలో ఆ చుట్టల దగ్గర నుంచే మొదలుపెడదాం.