బ్యాక్‌డోర్ పైలట్ ఎక్కడ చెడుతుంది? గెస్ట్‌ని హీరో చేసే ఎపిసోడ్‌లో సమస్యలు - పరిష్కారాలు

నడుస్తున్న సిరీస్‌లోకి ఒక ఎపిసోడ్ కోసం కొత్త మనిషిని గెస్ట్‌గా తెస్తారు. ఆ మనిషి చుట్టూ వేరే సిరీస్ నడుస్తుందా లేదా అన్నది ఆ ఒక్క ఎపిసోడ్ చూసి ఛానల్ తేల్చుకుంటుంది. ఇదే బ్యాక్‌డోర్ పైలట్. విడిగా పైలట్, అంటే నమూనా ఎపిసోడ్ తీసి ఛానల్ వద్దంటే డబ్బు బూడిదలో పోసినట్టే, ఇక్కడైతే ఎలాగూ తీయాల్సిన ఎపిసోడే కాబట్టి కొత్త సిరీస్ రాకపోయినా అది ప్రసారమవుతుంది. అమెరికన్ టీవీ ఈ పని దశాబ్దాలుగా చేస్తోంది, చెడగొట్టుకున్న సందర్భాలూ బోలెడు. మీ స్క్రిప్ట్ ఎక్కడ కుంటుతోందో కింద చూసుకోండి.

సమస్య: పాత హీరోలు పక్కన నిలబడి చూస్తున్నారు

ఎలా గుర్తుపట్టాలంటే, స్క్రిప్ట్‌లోంచి పాత హీరోల సీన్లు తీసేసి మళ్లీ చదవండి. కథ ఎక్కడా తెగకుండా సాగిపోతుంటే ఇదే మీ జబ్బు.

కారణం: విడి పైలట్‌గా రాసుకున్న కథకి పాత సిరీస్‌ని అతికించడం. స్టార్ ట్రెక్‌లో 1968 మార్చి 29న వచ్చిన 'అసైన్‌మెంట్: ఎర్త్' దీనికి పక్కా ఉదాహరణ. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఆ కథని మొదట స్టార్ ట్రెక్‌తో సంబంధం లేని పైలట్‌గా రాసుకున్నాడు, అది ఎవరూ తీసుకోకపోతే ఇందులోకి తెచ్చాడు. గ్యారీ సెవెన్ అనే రహస్య ఏజెంటు, అతనికో నల్లపిల్లి, రోబర్టా అనే సెక్రటరీ, అంతరిక్షంలోకి వెళ్తున్న అణ్వాయుధాన్ని ఆపే పని, ఇలా సరంజామా అంతా సిద్ధంగానే ఉంది. కానీ సిరీస్ హీరోలు కిర్క్, స్పాక్ చాలాసేపు రాకెట్ ప్రయోగ కేంద్రంలో కాపలావాళ్ల చేతిలో ఇరుక్కుపోయి తెర మీద జరిగేది చూస్తూ కూర్చుంటారు. ప్రతివారం వాళ్ల కోసం టీవీ ముందు కూర్చునే ప్రేక్షకుడికి కొత్తవాడి మీద ప్రేమ కాదు, కోపం వస్తుంది. గ్యారీ సెవెన్ సిరీస్ రాలేదు. నిజానికి నటుడు రాబర్ట్ లాన్సింగ్ బాగానే చేశాడు, తప్పు కథ అల్లికలో ఉంది.

పరిష్కారం: పాత హీరోని గెస్ట్ ఊరికి పంపి, గెస్ట్ చేతిలో ఇరికించండి. 1960 ఫిబ్రవరి 15న డానీ థామస్ షోలో వచ్చిన 'డానీ మీట్స్ యాండీ గ్రిఫిత్' ఇప్పుడు చూసినా ఇది ఎలా చేయాలో తెలుస్తుంది. న్యూయార్క్‌లో పేరున్న గాయకుడు డానీ, కుటుంబంతో కారులో పోతూ మేబెర్రీ అనే చిన్న ఊళ్లో స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా వెళ్లిపోతాడు. షెరిఫ్ యాండీ పట్టుకుంటాడు. బోర్డు ఉంది గానీ అక్కడ అడ్డరోడ్డే లేదు కదా అని డానీ గొడవ. జరిమానా చిన్నదే, కానీ డానీ డబ్బున్న గర్వంతో నోట్లకట్ట తీసి చూపించేసరికి యాండీ నింపాదిగా దాన్ని పెంచేస్తాడు. డానీకి ఒళ్లు మండి, ఈ పల్లెటూరి షెరిఫ్‌ని టీవీలో ఎండగడతానంటాడు.

ఇక్కడ గమనించండి, ఎపిసోడ్ ఇంకా డానీదే. కోపం అతనిది, సమస్య అతనిది, చివరికి దిగిరావాల్సిందీ అతనే. కానీ అతను గొడవపడిన ప్రతిసారీ మనకి యాండీ గురించి ఒక కొత్త సంగతి తెలుస్తుంది. ఆ ఊళ్లో షెరిఫూ అతనే, తీర్పు చెప్పేదీ అతనే, పత్రిక నడిపేదీ అతనే. మధ్యలో అతని కొడుకు ఓపీ తన తాబేలు చచ్చిపోయిందని ఏడుస్తూ వస్తాడు, ఎవరో ఆవిడ చూడకుండా తొక్కేసిందట, ఆవిణ్ణి అరెస్టు చేయమంటాడు. తల్లి లేని ఆ పిల్లాడికి పోయినవాళ్లు లేకుండా బతకడం ఎలాగో యాండీ మెల్లగా చెబుతాడు. నవ్వించేవాడిగా వచ్చిన గెస్ట్, తండ్రిగా మారింది ఆ సీన్లోనే. అక్టోబర్ 3న సీబీఎస్‌లో 'ది యాండీ గ్రిఫిత్ షో' మొదలైపోయింది.

మీ స్క్రిప్ట్‌లో అలాంటి సీను ఒక్కటి చాలు, కానీ అది తప్పకుండా ఉండాలి, అందులో పాత హీరో పేచీతో సంబంధం లేని గెస్ట్ సొంత జీవితం కనిపించాలి.

సమస్య: గెస్ట్ బాగున్నాడు, కానీ వచ్చేవారం ఏం చేస్తాడో తెలియట్లేదు

కారణం: సిరీస్‌కి సరిపోయే పరిస్థితి బదులు ఒక్క ఎపిసోడ్‌కి సరిపోయే బాధ పెట్టారు. 1987 మేలో 'ది గోల్డెన్ గర్ల్స్'లో 'ఎంప్టీ నెస్ట్స్' అని వేశారు. పక్కింటి దంపతులు, పిల్లలు ఇల్లు వదిలి వెళ్లిపోయారు, భార్యకి వెలితి. రీటా మొరెనో, పాల్ డూలీ లాంటి నటులున్నా నిలబడలేదు. ఇల్లు ఖాళీ అయిందన్న బాధ ఒకసారి చెప్పుకుంటే అయిపోతుంది, దాన్నుంచి వారానికో కథ పుట్టదు.

పరిష్కారం: కొంచెం కొంచెం సరిదిద్దకండి, ఏది పనికొస్తుందో అదొక్కటే ఉంచి మిగతాది పారేయండి. వాళ్లు అదే చేశారు. మయామీ, గోల్డెన్ గర్ల్స్ పొరుగిల్లు, ఆ పేరు దాదాపుగా ఉంచి, దంపతులనే తీసేశారు. వాళ్ల స్థానంలో భార్య పోయిన పిల్లల డాక్టర్ హ్యారీ వెస్టన్ వచ్చాడు, ఎదిగిన కూతుళ్లు మళ్లీ ఆ ఇంటికే వచ్చి చేరారు, ఒక పెద్ద కుక్క కూడా. చూశారా, గూడు ఖాళీ కాకుండా నిండిపోయింది, అంటే రోజూ ఎవరో ఒకరు ఒక తలనొప్పితో తలుపు తోసుకొస్తారు. ఇంకోవైపు డాక్టరు దగ్గరికి పేషెంట్లు ఎలాగూ వస్తారు. 1988లో మొదలైన 'ఎంప్టీ నెస్ట్' 1995 దాకా నడిచింది.

సమస్య: ఎపిసోడ్ చివర గెస్ట్‌కి తలుపు మూసేశారు

కారణం: ఒక్కసారికే కదా అనుకుని రాశారు. 1978 ఫిబ్రవరిలో, 1950ల్లో జరిగే కథ 'హ్యాపీ డేస్'లో మోర్క్ అనే గ్రహాంతరవాసిగా రాబిన్ విలియమ్స్ వచ్చి అందరినీ పడగొట్టాడు, కానీ చివర్లో అదంతా ఆ సిరీస్ కుర్రాడు రిచీ కన్న కల అని తేల్చేశారు. కలలో వచ్చినవాడికి సిరీస్ ఎలా ఇస్తారు?

పరిష్కారం: కొత్తగా ఒక సీన్ తీసి తగిలించడమే. పునఃప్రసారాల కోసం మోర్క్ తన పై అధికారితో మాట్లాడే ముక్క చేర్చారు, దాంతో అతను నిజంగానే వచ్చాడనీ, ఇక 1970ల్లోకి వెళ్తాడనీ తేలింది. సెప్టెంబర్‌లో 'మోర్క్ అండ్ మిండీ' మొదలైంది. జీనా అనే యోధురాలి సంగతి ఇంకా దగ్గరగా తప్పింది. 'హెర్క్యులీస్'లో ఆమెకి రాసుకున్నది మూడు ఎపిసోడ్లే, చివర చంపేద్దామనే అనుకున్నారు, ఆపేశారు కాబట్టి 1995 సెప్టెంబర్‌లోనే ఆమె సిరీస్ వచ్చింది. విలన్‌గా వచ్చిన గెస్ట్ అయితే ఇంకో పని కూడా ఉంటుంది, హీరో దగ్గరకి చేరేలోపు ఆ మనిషి మారడం మనం చూడాలి. జీనా రెండో ఎపిసోడ్‌లో పసిబిడ్డని కాపాడుతుంది, ఆమె సైన్యమే ఆమె మీద తిరగబడుతుంది.

సమస్య: ఛానల్ సరేనంది, కానీ చుట్టూ ఉన్నవాళ్లు అతకట్లేదు

దీనికి టెన్షన్ పడక్కర్లేదు, మార్చేయండి. 2003లో 'జాగ్' రెండు ఎపిసోడ్లలో నౌకాదళ నేరాలు దర్యాప్తు చేసే గిబ్స్ టీంలో బ్లాకాడర్ అనే ఏజెంటు ఉంది. ఆ టీంతో 'ఎన్‌సీఐఎస్' సిరీస్ మొదలయ్యేసరికి ఆమె లేదు, కేట్ టాడ్ వచ్చింది. మేబెర్రీ పైలట్‌లో డిప్యూటీ బార్నీ అసలు లేనేలేడు, ఎపిసోడ్ చూసిన డాన్ నాట్స్ తనే ఫోన్ చేసి షెరిఫ్‌కి డిప్యూటీ ఉంటే బాగుంటుందన్నాడు. అందులో హెన్రియెటా అనే ఊరావిడగా వేసిన ఫ్రాన్సెస్ బేవియర్‌ని అసలు సిరీస్‌లో యాండీకి బీ అత్తని చేసేశారు, ప్రేక్షకులెవరూ అదేంటని అడగలేదు.