ఆలివ్ నూనె పీడీఎఫ్ నిజంగా ఏం చెప్పింది? చదవడంలో వచ్చే తప్పులు, సవరణలు

విశాఖలో న్యూట్రిషనో, నర్సింగో చదువుతున్న మీకు మేడం క్లాసు గ్రూపులో ఒక పీడీఎఫ్ పెట్టి, "ఇది ఏం తేల్చిందో ఒక పేజీలో రాయండి" అన్నారనుకుందాం. అది స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ ట్రయల్, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2013లో వచ్చిన వ్యాసం. ఇలాంటి వ్యాసాల్లో ఎక్కడ జారిపడతామో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సమస్య: "ఆలివ్ నూనె వాడితే గుండెపోటు 30 శాతం తగ్గుతుంది" అని రాశారు, మార్కులు పోయాయి.

కారణం: అబ్‌స్ట్రాక్ట్‌లో చివరి వాక్యం, మధ్యలో ఒక అంకె మాత్రమే చూశారు. 0.70 అనే హజార్డ్ రేషియో, అంటే పోలిక గుంపుతో చూస్తే ప్రమాదం ఎంత వంతో చెప్పే అంకె, అక్కడ ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరికి, దేనితో పోలిస్తే, దేనిలో తగ్గుదల అన్నవి వేరే వాక్యాల్లో ఉన్నాయి.

పరిష్కారం: అబ్‌స్ట్రాక్ట్‌లో ఈ మూడింటినీ గుర్తించి, వాటితోనే వాక్యం కట్టండి. ఎవరికి? గుండె జబ్బు ఇంకా రాని, వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 55–80 ఏళ్ల 7,447 మందికి. దేనితో పోలిస్తే? కొవ్వు తగ్గించుకోమని సలహా ఇచ్చిన గుంపుతో. దేనిలో? గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుల వల్ల మరణం, ఈ మూడూ కలిపిన లెక్కలో. విడిగా చూస్తే స్పష్టమైన తేడా పక్షవాతంలోనే కనిపించింది, గుండెపోటులో కాదు. పైగా వాళ్లకిచ్చింది నూనె ఒక్కటే కాదు, మెడిటరేనియన్ తిండి పద్ధతి మొత్తం. దానికి తోడు ఇంటికి వారానికి లీటరు ఆలివ్ నూనె, లేదా మనిషికి రోజుకు 30 గ్రాముల నట్స్.

30 శాతం పక్కన అసలు సంఖ్య కూడా రాయండి. వెయ్యి మందిని ఏడాది పాటు గమనిస్తే పోలిక గుంపులో సుమారు 11 మందికి, నూనె గుంపులో సుమారు 8 మందికి ఇలాంటి ఘటన ఎదురైంది. ఇది అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండదు, ఫలితాల పట్టికలో ఉంటుంది.

సమస్య: వ్యాసం తేల్చనిదాన్ని తేల్చినట్టు రాశారు.

కారణం: ఇంట్రడక్షన్ నుంచి ఎత్తుకున్నారు. అక్కడ ఉండేవి చాలావరకు ఇతరుల ఫలితాలు. ప్రెడిమెడ్ ఇంట్రడక్షన్ కూడా ముందు జరిగిన పరిశీలనల గురించే మాట్లాడుతుంది.

పరిష్కారం: వాక్యం చివర రిఫరెన్స్ అంకె ఉంటే అది ఇతరుల మాట. వీళ్లు ఏం పరీక్షించారో తెలియాలంటే ఇంట్రడక్షన్ చివరి పేరాకి వెళ్లండి.

సమస్య: "పరిమితులు" అనే హెడ్డింగ్ కనబడలేదు, కాబట్టి పరిమితులు లేవనుకున్నారు.

కారణం: చాలా మెడికల్ జర్నళ్లలో అవి డిస్కషన్ చివర్లో ఒక పేరాగా కలిసిపోయి ఉంటాయి.

పరిష్కారం: పీడీఎఫ్‌లో Ctrl+F కొట్టి `limitation`, `generaliz` వెతకండి. స్కాన్ చేసిన కాపీ అయితే వెతుకులాట పనిచేయదు; డిస్కషన్ చివరి పేరాలు కళ్లతోనే చూడాలి.

ఇక్కడ రచయితలే మూడు ఒప్పుకున్నారు. పోలిక గుంపుకు మొదట్లో ఏడాదికోసారి కరపత్రం మాత్రమే ఇచ్చి, ట్రయల్ మధ్యలో మిగతా గుంపులతో సమానంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. మధ్యలో జారిపోయినవాళ్లు ఆ గుంపులోనే ఎక్కువ. ఇక అందరూ మధ్యధరా తీర దేశంవాళ్లే. మూడోదాన్ని మన దగ్గరికి తెచ్చి చూడండి: అన్నం, వేరుశనగ నూనె, హార్బర్ చేపలతో బతికే మనిషి ఒక్క నూనె మార్చుకుంటే ఏమవుతుందో ఈ వ్యాసం పరీక్షించలేదు. "విశాఖలోనూ అంతే" అని రాస్తే ఆ మాట మీది, వ్యాసానిది కాదు.

సమస్య: మీ కాపీలో "తగ్గించింది" అని ఉంది, స్నేహితురాలి కాపీలో "తక్కువగా ఉంది" అని ఉంది.

కారణం: ఇద్దరి దగ్గరా ఉన్నవి వేర్వేరు వ్యాసాలు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ తేల్చాలి. ప్రెడిమెడ్‌లో ఆ కేటాయింపులో లోపాలు బయటపడ్డాయి: ఒకే ఇంట్లో రెండో మనిషిని లాటరీ లేకుండా మొదటివారి గుంపులోనే వేశారు, ఒక కేంద్రంలో క్లినిక్ మొత్తాన్ని ఒకే గుంపుగా తీసుకున్నారు. దాంతో 2018 జూన్‌లో పాత వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ చేసి కొత్తగా ప్రచురించారు. అంకెలు దాదాపు అవే. కానీ లాటరీ పక్కాగా లేనప్పుడు ఆహారమే కారణమని అంత గట్టిగా అనలేరు, అందుకే ముగింపు వాక్యంలో క్రియ మెత్తబడింది.

పరిష్కారం: మొదటి పేజీలోని DOIని, అంటే వ్యాసం గుర్తింపు సంఖ్యను, బ్రౌజర్‌లో `doi.org/` తర్వాత అతికించి జర్నల్ పేజీ తెరవండి. వెనక్కి తీసుకున్న వ్యాసమైతే అక్కడ ఆ నోటీసు ఉంటుంది. గ్రూపులో తిరిగే పాత పీడీఎఫ్‌లో ఉండకపోవచ్చు. నోటీసు కనిపిస్తే 2018 వ్యాసం దించుకుని మేడంకి చెప్పండి, మీ పేజీలో ఏ ఏడాది వ్యాసం చదివారో రాయండి.