పార్శిల్ డెలివరీ అయిందంటోంది, మనకు మాత్రం రాలేదు: ఏం చేయాలి?

మధ్యాహ్నం 1:47కి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ పార్శిల్ అందజేశామని. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "ఎవరూ రాలేదే, పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉన్నాగా" అంది. అది 3,400 రూపాయల మిక్సీ, డబ్బు ముందే కట్టేశాను. ఆ డబ్బు 11వ రోజున తిరిగి వచ్చింది. అది రావడానికి కారణం ఒకే ఒక్క ఫొటో. ఆ ఫొటో సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ రోజే చేయాల్సిన పనులు చూద్దాం.

మొదటి రెండు గంటలు

ముందుగా ట్రాకింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేదీ, టైము, ఎవరు అందుకున్నారన్న పేరు, పార్శిల్ నంబరు అన్నీ కనిపించాలి. తర్వాత ఆ పేజీలో వివరాలు మారిపోవచ్చు. అలాగే ఆర్డర్‌లో ఏ అడ్రస్ ఉందో చూడండి. ఇల్లు మారాక కూడా యాప్‌లో పాత అడ్రస్సే ఉండిపోవడం చాలామందికి జరిగేదే. రెండు వస్తువులు ఆర్డర్ చేసి ఉంటే, డెలివరీ అయిందన్నది ఏ వస్తువో కూడా చూసుకోండి.

ఆ తర్వాత వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని, కింద ఉన్న కిరాణా షాపువాళ్లని అడగండి. డెలివరీ అబ్బాయి పొద్దున ఫోన్ చేసి ఉంటే ఆ నంబరుకి తిరిగి చేయండి. "ఇచ్చారా, లేదా?" అని అడిగితే "ఇచ్చాం సార్" అనే జవాబే వస్తుంది. అలా కాకుండా "ఎన్నో ఫ్లోర్‌లో ఇచ్చారు? గేటు ఏ రంగులో ఉంది? తీసుకున్నది ఆడవాళ్లా, మగవాళ్లా?" అని అడగండి. తప్పు చోట ఇచ్చి ఉంటే ఈ ప్రశ్నలకే బయటపడుతుంది. మన ఊళ్లలో ఒకే పిన్‌కోడ్‌లో సాయి రెసిడెన్సీలు రెండు మూడు ఉంటాయి కదా!

ఇంకో సంగతి కూడా ఉంది. రోజువారీ లెక్క చూపించడానికి కొందరు పార్శిల్ ఇవ్వకముందే డెలివరీ అయినట్టు నొక్కేసి, ఆ సాయంత్రమో మర్నాడు పొద్దునో తెచ్చి ఇస్తారు. అందుకే మర్నాటి వరకూ ఎదురుచూడటంలో తప్పు లేదు. కానీ కంప్లయింట్ మాత్రం ఆ రోజే పెట్టేయండి. ఇలాంటి కంప్లయింట్లకు ఒక్కో కంపెనీ ఒక్కో గడువు పెడుతుంది, అది దాటితే యాప్‌లో ఆ ఆప్షనే కనబడకపోవచ్చు. పార్శిల్ వచ్చేస్తే కంప్లయింట్ వెనక్కి తీసుకోవచ్చు.

కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతకకండి. ఆ వెతుకులాటలో పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. రీఫండ్ కోసం లింక్ నొక్కమన్నా, ఐదు రూపాయలు పంపమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరమే లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కంప్లయింట్ ఎవరికి, ఏమని?

మనం డబ్బు కట్టింది కొరియర్‌కి కాదు, వస్తువు అమ్మినవాళ్లకి. కొరియర్ ఆఫీసుకి వెళితే, పార్శిల్ పంపినవాళ్లు అడిగితేనే విచారిస్తామని తరచూ చెబుతారు. కాబట్టి ఆర్డర్ చేసిన యాప్‌లోనే, లేదా బ్రాండ్ సొంత సైట్‌లో కొంటే ఆ బ్రాండ్‌కే రాయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. యాప్‌లో తొందరగా కనిపించేది రిటర్న్ బటన్, దాన్నే నొక్కేస్తారు. రిటర్న్ పెట్టారంటే వస్తువు మీ దగ్గర ఉందని మీరే ఒప్పుకున్నట్టు! దాన్ని తీసుకెళ్లడానికి మనిషి వస్తాడు, ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ ఉండదు, రిక్వెస్ట్ క్యాన్సిల్ అవుతుంది. వస్తువు అందలేదు అనే ఆప్షన్‌నే వెతికి నొక్కండి. అది లేకపోతే చాట్‌లోనో మెయిల్‌లోనో రాయండి. ఫోన్‌లో మాట్లాడినా కంప్లయింట్ నంబరు తీసుకుని, మాట్లాడింది రెండు వాక్యాల్లో మెయిల్ చేయండి.

నా కంప్లయింట్‌కి మొదట వచ్చిన జవాబు ఇది: "మా రికార్డు ప్రకారం డెలివరీ అయింది." ఆ మాటతో కేసు మూసేశారు. అప్పుడు నేను ఇలా రాశాను:

"ఈ పార్శిల్ నాకు గానీ మా ఇంట్లోవాళ్లకు గానీ అందలేదు. నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. డెలివరీ రుజువు పంపండి: తీసిన ఫొటో, తీసుకున్నవారి పేరు, సంతకం, ఓటీపీ వాడితే దాని టైము, డెలివరీ నమోదైన లొకేషన్. మా అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టర్‌లో ఆ టైముకి డెలివరీ ఎంట్రీ లేదు, ఆ పేజీ ఫొటో జత చేస్తున్నాను."

మూడో రోజున డెలివరీ అబ్బాయి తీసిన ఫొటో పంపారు. అందులో మిక్సీ పెట్టె ఒక ఇనుప గ్రిల్ ముందు ఉంది, పక్కన సిమెంటు తులసికోట. మాది నాలుగో ఫ్లోర్, గ్రిల్ లేని టేకు తలుపు, నేల మీద తెల్ల టైల్స్. నేను మా గుమ్మం ఫొటో అదే కోణంలో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. దాంతో మూసేసిన కేసు మళ్లీ తెరిచారు. మీరూ గొంతు పెంచి అరవడం కన్నా ఈ రుజువు అడగడం మీదే పట్టుబట్టండి.

ఒక్క చోట మాత్రం ఈ దారి బలహీనపడుతుంది. "మేడమ్, దగ్గర్లోనే ఉన్నాను, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేస్తే మీరు చెప్పేసి ఉంటే, కంపెనీ దృష్టిలో పార్శిల్ అందినట్టే లెక్క. అలా జరిగినా దాచకండి. ఆ కాల్ ఎన్నింటికి వచ్చిందో కాల్ లాగ్ స్క్రీన్‌షాట్‌తో సహా రాయండి. ఇకముందు మాత్రం పెట్టె చేతిలోకి వచ్చాకే ఓటీపీ చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లకీ ఈ మాట గట్టిగా చెప్పి ఉంచండి.

అయినా కదలకపోతే

ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆయన పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో పెట్టాలి. కంప్లయింట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లింకుల్లో వెతకండి. నేను ఐదో రోజున ఆ అడ్రస్‌కి రెండు ఫొటోలూ పంపాను. కస్టమర్ కేర్ చాట్‌లో మూడుసార్లు చెప్పినా జరగని పని ఆ ఒక్క మెయిల్‌తో కదిలింది.

దానికీ స్పందన లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా consumerhelpline.gov.in లో నమోదు చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, మీ కంప్లయింట్‌ని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. కార్డుతో కట్టి ఉంటే ఇదే సమయంలో బ్యాంకుకి కూడా వస్తువు అందలేదని డిస్ప్యూట్ పెట్టండి. దానికి గడువు ఉంటుంది కాబట్టి కంపెనీ జవాబు కోసం చూస్తూ కూర్చోకండి.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, e-jagriti.gov.in లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. మొదటి రోజు తీసిన స్క్రీన్‌షాట్, గేటు రిజిస్టర్ పేజీ, డెలివరీ రుజువు అడిగిన మెయిల్, దానికి వచ్చిన జవాబు, డబ్బు కట్టిన రసీదు తేదీల వరుసలో జత చేయండి. రుజువు అడిగినా కంపెనీ పంపకపోతే, ఆ సంగతీ ఏ తేదీన అడిగారో చూపించి రాయండి.