కేక్ పిండి విరిగిందా? ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లే కారణం కావచ్చు

డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, తార్నాకలో మా పక్క ఫ్లాట్ అమ్మాయి గిన్నె పట్టుకుని వచ్చింది. "ఆంటీ, పాలు విరిగినట్టు అయిపోయింది. పారేయాలా?" అంది. గిన్నెలో 200 గ్రాముల బటర్, 200 గ్రాముల పంచదార, మూడు గుడ్లు ఉన్నాయి. ఇంకో గుడ్డు, 200 గ్రాముల మైదా కలపాల్సి ఉంది.

సమస్య

మొదటి గుడ్డు వేసినప్పుడు బాగానే ఉందట. రెండో గుడ్డుకి నునుపు పోయింది. మూడోది వేసేసరికి పిండి రవ్వలా పలుకులు కట్టి, గిన్నె అంచున పల్చటి నీరు ఊరింది. వేలితో నలిపి చూస్తే ఆ పలుకులు చల్లగా, గట్టిగా తగిలాయి. అవి బటర్ పలుకులే. గుడ్లు పాడైపోలేదు, పంచదార కరగకపోవడమూ కాదు.

కారణం

మజ్జిగ చిలికేటప్పుడు చివర్లో చన్నీళ్లు ఎందుకు పోస్తాం? వెన్న గట్టిపడి, ముద్ద కట్టి, మజ్జిగ నుంచి విడిపోవాలని. కేక్ గిన్నెలో జరిగిందీ అదే. అక్కడ మనకు కావాల్సిన పని ఇక్కడ కేక్‌ని చెడగొడుతుంది.

గుడ్డులో ముప్పావు వంతు నీరే. ఆ నీరు బటర్ కొవ్వుతో కలిసి నిలవాలంటే రెండు సాయాలు కావాలి. ఒకటి పచ్చసొనలోని లెసిథిన్, రెండోది బటర్ మెత్తదనం. బటర్ సుమారు 20 డిగ్రీల దగ్గర వేలు దిగేంత మెత్తగా ఉంటుంది. ఫ్రిజ్‌లోని గుడ్డు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. నాలుగు గుడ్లూ అలాగే వేస్తే గిన్నె మొత్తం ఇంచుమించు 13 డిగ్రీలకు పడిపోతుంది. ఆ చలికి బటర్ బిగుసుకుని నీటిని వదిలేస్తుంది.

పోయేది నునుపు ఒక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. బటర్, పంచదార కలిపి గిలకొట్టినప్పుడు లోపల సన్నటి గాలి బుడగలు చేరతాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. పిండి విరిగితే ఆ గాలి చాలావరకు పోయి, కేక్ సరిగ్గా పొంగక బరువుగా వస్తుంది. ఒక్కోసారి అడుగున జిడ్డుగా, ఉడకనట్టుండే పొర కడుతుంది.

విరిగిన పిండికి పరిష్కారం

పారేయక్కర్లేదు. వెడల్పాటి గిన్నెలో వేడినీళ్లు పోసి, పిండి గిన్నె అడుగు అందులో పది సెకన్లు ఆనించి తీశాం. వెంటనే బీటర్‌తో తిప్పాం. మూడోసారికి పలుకులు కరిగి నిగనిగ వచ్చింది. అంచున బటర్ నూనెలా కరగడం మొదలైతే మాత్రం వెంటనే ఆపాలి. పూర్తిగా కరిగిన బటర్‌లో గాలి నిలవదు. ఆ తర్వాత కొలిచి పెట్టుకున్న మైదాలోంచే ఒక పెద్ద చెంచా వేశాం, అది మిగిలిన నీటిని పట్టుకుంటుంది. నాలుగో గుడ్డు వెచ్చబెట్టి, గిలకొట్టి, కొంచెం కొంచెంగా పోశాం.

గుడ్లు త్వరగా వెచ్చబడాలంటే

గీజర్ నీళ్లకు చన్నీళ్లు కలిపి, చెయ్యి హాయిగా పెట్టగలిగే వేడికి తేవాలి. గుడ్లు పెంకుతోనే మునిగేలా పెట్టి, ఐదు నిమిషాలకు నీళ్లు మార్చి, ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే చాలు. తుడిచి చెంపకు ఆనిస్తే చల్లదనం తెలియకూడదు.

ఆ టైమ్ కూడా లేకపోతే గుడ్లు స్టీలు గిన్నెలో కొట్టి, ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, రెండు మూడు నిమిషాలు ఫోర్కుతో కలుపుతూ ఉండండి. పలుచని స్టీలుకు వేడి తొందరగా ఎక్కుతుంది కాబట్టి ఇదే అన్నిటికన్నా త్వరగా అయ్యే పద్ధతి. మరిగే నీళ్లు వద్దు. 60 డిగ్రీలు దాటితే తెల్లసొన గడ్డకట్టడం మొదలై, కేక్‌లో తెల్లటి ముక్కలు తగులుతాయి. మైక్రోవేవ్ అసలే వద్దు, పెంకుతో పెడితే గుడ్డు పేలుతుంది.

తెల్లసొన, పచ్చసొన వేరు చేయాల్సిన కేక్ అయితే చల్లగా ఉన్నప్పుడే వేరు చేయండి. అప్పుడు పచ్చసొన సులభంగా చితకదు. వెచ్చబెట్టడం ఆ తర్వాత.

నూనెతో చేసే కేక్‌కి ఇంత టెన్షన్ లేదు, నూనె ఆ చలికి గట్టిపడదు.

మే నెలలో మాత్రం

రెసిపీల్లో రూమ్ టెంపరేచర్ అంటే 20, 22 డిగ్రీలు. ఎండాకాలం మన హైదరాబాద్ వంటింట్లో 35 ఉంటుంది, బటర్ జారిపోతుంది. అప్పుడు గుడ్లను వేడినీళ్లలో పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసి పది, పదిహేను నిమిషాలు బయట ఉంచితే సరిపోతుంది. బటర్‌ని మాత్రం వేలు పెడితే సొట్ట పడుతూనే చల్లగా తగిలే దశలోనే గిలకొట్టడం మొదలుపెట్టండి.