పచ్చళ్ళ వీడియోలో ఫ్యాన్ హోరు, తెగిపోయే మాట, విరిగే ఒత్తులు: ఎందుకొస్తాయి, ఎలా సరిచేయాలి

మా పిన్ని తెనాలిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. గోంగూర పచ్చడి మీద తను తీసిన వీడియో ఒకటి నాకు పంపి, "ఎవరూ చివరిదాకా చూడట్లేదు నాన్నా, ఎక్కడ తేడా కొడుతోందో కాస్త చూడు" అంది. రెండు నిమిషాల పది సెకన్ల వీడియో అది. సరిచేశాక 48 సెకన్లకు వచ్చింది. ఇంట్లో వ్యాపారం చేసుకునేవాళ్ళ వీడియోల్లో మామూలుగా వచ్చే ఇబ్బందులన్నీ అందులో ఉన్నాయి కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. నేను ఫోన్‌లో VN అనే ఎడిటింగ్ యాప్ వాడాను. InShot, KineMaster వాడేవాళ్ళకీ ఇవే పనులు, మీటల పేర్లు కొంచెం మారతాయి.

మాట కంటే ఫ్యాన్ ఎక్కువ వినపడుతోంది

ముందు వీడియో చూడకుండా, ఫోన్ బోర్లా పెట్టి వినండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, ఫోన్ స్పీకర్‌లోనే, సగం వాల్యూమ్‌లో వినాలి. చూసేవాళ్ళలో చాలామంది అలాగే వింటారు. పిన్ని వీడియోని అలా వింటే "గోంగూర" అన్న మాట తప్ప మొదటి పది సెకన్లూ హోరే.

కారణం ఫ్యాన్ ఒక్కటే కాదు, దూరం కూడా. ఫోన్ స్టాండ్ మీద ఆరడుగుల అవతల ఉంది. దూరం సగం చేసిన ప్రతిసారీ మన గొంతు ఫోన్‌కి సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా చేరుతుంది, గదంతా నిండి ఉన్న హోరు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే ఆరడుగుల నుంచి అడుగున్నరకి వస్తే 12 డెసిబెల్స్ లాభం. ఏ యాప్‌లోనూ ఇంత శుభ్రంగా ఈ తేడా రాదు.

వీడియో అప్పటికే తీసేసి ఉంటే నాయిస్ తగ్గించే మీట నొక్కాలనిపిస్తుంది. నొక్కండి, కానీ సగం దగ్గర ఆపండి. పూర్తిగా పెంచితే హోరుతోపాటు స, శ, హ లాంటి గాలి అక్షరాలూ పోయి, నీళ్ళలోంచి మాట్లాడినట్టు వస్తుంది. యాప్‌లో శబ్దాన్ని ఎత్తుపల్లాలుగా చూపించే గొంతు గీతలు పైన చదునుగా కోసేసినట్టు కనిపిస్తే మాత్రం ఆ మాట పగిలిపోయినట్టే. వాల్యూమ్ తగ్గించినా అది బాగుపడదు, మళ్ళీ చెప్పించాలి.

మేము చేసింది ఇది. పచ్చడి కలిపే చేతులు, గరిట, జాడీ కనిపించే చోట పెదాలు కనిపించవు కదా. ఆ మాటలన్నీ పడకగదిలో ఫ్యాన్ ఆపేసి, చీరల బీరువా తలుపులు తెరిచి, దాని ముందు నిలబడి చెప్పమన్నాను. బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. ఫోన్ అడుగుభాగం, అంటే ఛార్జర్ పెట్టే వైపు, నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా ఉంచింది. ఎదురుగా పెడితే ప, బ అన్నప్పుడల్లా ఊపిరి తగిలి 'బుస్' మంటుంది. ఆ గొంతుని వీడియో కింద పరిచి, అసలు వీడియో శబ్దాన్ని బాగా తగ్గించాను. పూర్తిగా తీసేయలేదు, తాలింపు చిటపటలు వినపడాలి.

ఖాళీలు కోశాక మాట తెగిపోతోంది

పిన్ని మాట్లాడుతూ మధ్యమధ్య ఆగుతుంది, "అంటే... ఇదేంటంటే..." అంటుంది. ఈ ఖాళీలు తీస్తేనే వీడియో సగానికి పైగా తగ్గింది. కానీ మొదటిసారి నేను చేసిన కోత చూసి తనే తప్పు పట్టింది. "రంగు కలపం" అన్న మాట "రంగు కలప" అని వినపడింది.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. చేస్తామో చెయ్యమో తేలేది ఆ చివరి మాటలోనే. మనం మాట్లాడేటప్పుడు గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. స్క్రీన్ మీద గొంతు గీతలు సన్నబడి, మాట అయిపోయినట్టు కనిపిస్తాయి. అక్కడ కోస్తే సున్నా పోతుంది, దాంతో అర్థమూ పోతుంది.

అందుకని టైమ్‌లైన్‌ని రెండు వేళ్ళతో బాగా సాగదీసి, మాట మొదలయ్యే చోట గీత లేవడానికి కొద్దిగా ముందు Split నొక్కండి. మాట చివర మాత్రం గీత సన్నబడ్డాక ఇంకో ఐదారు ఫ్రేములు వదలండి. సెకనుకి 30 ఫ్రేములుండే వీడియోలో అది సుమారు సెకనులో ఐదో వంతు. కోసిన చోట 'టక్' మని వినపడితే ఆ ముక్కల అంచులకు చిన్న ఫేడ్ పెడితే పోతుంది.

ఖాళీలన్నీ తీసేయకండి. ధర చెప్పే ముందు అర సెకను అలాగే వదిలాను. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా రెండుచోట్ల ఉంచాను. అన్నీ కోస్తే మనిషి మాట్లాడినట్టుండదు, బస్టాండులో ప్రకటనలా ఉంటుంది.

కోతల దగ్గర తల ఒక్కసారిగా పక్కకి జరిగినట్టు కనిపిస్తే కారణం రెండు ముక్కల్లో మనిషి నిలబడ్డ తీరు మారడం. రెండో ముక్కని కొద్దిగా, నూటికి నూట పది వరకు, పెద్దది చేస్తే కావాలని మార్చిన షాట్‌లా కలిసిపోతుంది. ఇంకా మంచి దారి, మాట ఆగకుండా సాగుతుండగా పైన గరిట తిప్పే షాట్ వేయడం.

క్యాప్షన్ తప్పుగా పడుతోంది, ఒత్తులు విడిపోతున్నాయి

ఆటో క్యాప్షన్‌ని అక్షరం అక్షరం చదవకుండా వదలొద్దు. అదే "రంగు కలపం" అన్న మాట మాకు "రంగు కలిపాం" అని పడింది! పచ్చళ్ళ వ్యాపారంలో ఇంతకంటే నష్టం చేసే తప్పు ఉండదు. ముఖ్యంగా కాదు, లేదు, వెయ్యం అనే మాటలు, ధరలు, ఊళ్ళ పేర్లు విడిగా చూసుకోవాలి.

"పచ్చడి"లో చ ఒత్తు పక్కకి పడినా, అక్షరాల బదులు డబ్బాలు వచ్చినా తప్పు చాలావరకు ఫాంట్‌ది. ప్రెస్సుల్లో వాడే పాత డీటీపీ ఫాంట్లు ఫోన్‌లో మనం టైప్ చేసే యూనికోడ్ తెలుగుకి పనికిరావు. Ramabhadra, Noto Sans Telugu లాంటి యూనికోడ్ ఫాంట్ దించుకుని యాప్‌లోకి ఎక్కించండి, రెండూ ఉచితమే. ఫాంట్ సరైనదే అయినా విడిపోతుంటే అక్షరాల మధ్య దూరం పెంచారేమో చూడండి, దాన్ని సున్నాకి తెండి. ఒక్కో అక్షరం టైపయ్యే యానిమేషన్ కూడా తీసేయాలి. అందులో ముందు 'చ' వచ్చి, తర్వాత ఒత్తు, ఆ తర్వాత గుడి వస్తాయి, చదవడం కష్టం. వరుస మొత్తం ఒకేసారి వచ్చేలా పెట్టండి. వెనక రంగు పట్టీ వేస్తే కింద ఒత్తులకు చోటుందో లేదో చూసుకోండి.

మన మాటలు పొడుగు, కాబట్టి తెరమీద ఒక్కసారికి మూడు నాలుగు మాటలు చాలు. ఇక క్యాప్షన్ అడుగున పెడితే రీల్‌లో పేరు, వివరణ దాని మీదే పడతాయి. కింది పావు భాగం వదిలేసి దానికి పైన, కుడివైపు మీటలకి తగలకుండా ఉంచాలి.

పెదాలకూ మాటకూ పొంతన లేదు

మొదట్లో, చివర్లో రెండుచోట్లా చూడండి. తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటే బ్లూటూత్ మైక్ ఆలస్యం అయ్యుండొచ్చు. ఆడియోని విడదీసి కొంచెం ముందే మొదలయ్యేలా ఎడమవైపుకి జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే ఫోన్ ఫ్రేముల వేగాన్ని మధ్యలో మార్చేసిందని అనుమానించాలి. అప్పుడు ఆడియోని వాక్యానికో ముక్కగా విడగొట్టి, ఒక్కోదాన్ని పెదాలకి సరిపెట్టాల్సిందే.

మళ్ళీ తెరిస్తే ప్రాజెక్ట్‌లో ముక్కలు కనపడట్లేదు

వీడియో బయటకి తీశాక గ్యాలరీలోని అసలు క్లిప్పులు చెరిపేసి ఉంటారు. ఎడిటింగ్ యాప్‌లు చాలావరకు ఆ క్లిప్పులనే చూపిస్తాయి, కాపీ దాచుకోవు. గోంగూర ధర మారినప్పుడు మేము ఒక్క క్యాప్షన్, ఒక్క వాక్యం మార్చి పది నిమిషాల్లో కొత్త వీడియో పెట్టగలిగాం. పిన్ని ఆ క్లిప్పుల్ని "గోంగూర" అని ఒక ఫోల్డర్‌లో అలాగే ఉంచింది.