ట్రాన్స్‌ప్లాంట్ మాట రాకముందే: ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించకండి

పోయిన నెల ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడి ట్రాన్స్‌ప్లాంట్ ఫెయిలైంది. జబ్బు అప్లాస్టిక్ అనీమియా. అందులో ఎముక మజ్జ రక్తం తయారుచేయడం మానేస్తుంది. అన్నతో పూర్తిగా మ్యాచ్ అయింది, అప్పోసప్పో చేసి డబ్బు కూడగట్టారు, మజ్జ ఎక్కించారు. మూడో వారంలో తెల్లకణాలు లేచాయి. రెండు నెలలు తిరక్కుండానే రక్తకణాల కౌంట్లు జారిపోయాయి. అన్న కణాలు ఎంత శాతం నిలిచాయో చెప్పే కైమెరిజం పరీక్షలో అవి దాదాపు లేవు. పాత ఫైలు తిరగేస్తే, జబ్బు బయటపడ్డ కొత్తలో ఊళ్లో ఆస్పత్రిలో అన్న, మేనమామ, చిన్నాన్న వంతులవారీగా ఇచ్చిన రక్తమే కుర్రాడికి ఎక్కించారని తేలింది. అదొక్కటే కారణమని చెప్పలేం. కానీ ఈ తప్పు నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను, అదీ ప్రేమతో చేస్తున్నదే.

ఆ బ్యాగులో ఎర్రకణాలే కాదు, ఇచ్చినవాళ్ల తెల్లకణాలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని చూసి రోగి ఒళ్లు ‘ఇది పరాయిది’ అని గుర్తుపెట్టుకుంటుంది. రేపు అదే కుటుంబం నుంచి రక్తం తయారుచేసే మూలకణాలు వచ్చినప్పుడు తిప్పికొడుతుంది. అప్లాస్టిక్ అనీమియాలో, తలసీమియాలో ఈ గొడవ మరీ ఎక్కువ.

అల్లోజెనిక్ అంటే వేరేవాళ్ల కణాలతో చేసే ట్రాన్స్‌ప్లాంట్. పూర్తి మ్యాచ్‌కి ఒక్కో తోబుట్టువుకు నాలుగోవంతు అవకాశమే. కుదరకపోతే సగం మ్యాచ్ అయ్యే తల్లిదండ్రులు, లేదా దాతల రిజిస్ట్రీలో పేరు నమోదైన బయటి దాత. లుకేమియాలో దాత కణాలు మిగిలిపోయిన క్యాన్సర్‌ని చంపుతాయి, అదే దీని బలం. అవే రోగి చర్మం, పేగులు, కాలేయం మీద పడితే దాన్ని జీవీహెచ్‌డీ అంటారు. అప్లాస్టిక్ అనీమియాలో చంపాల్సిన క్యాన్సర్ లేదు కాబట్టి, మెషిన్ మీద రక్తంలోంచి తీసిన కణాలకన్నా తుంటి ఎముకలోంచి తీసిన మజ్జే మేలు. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ తగ్గుతుంది. ముందు ఇచ్చే కండిషనింగ్‌లో సైక్లోఫాస్ఫమైడ్, ఏటీజీ లాంటి మందులు రోగి రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి, కొత్త కణాలు నాటుకోవాలని. ఒళ్లు ముందే పగ పెంచుకుని ఉంటే ఆ అణచివేత చాలకపోవచ్చు.

మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌లో ఎక్కువగా చేసే ఆటోలోగస్ వేరు. మూలకణాలను మజ్జలోంచి రక్తంలోకి రప్పించే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు నాలుగైదు రోజులిచ్చి రోగి సొంత మూలకణాలే తీసి గడ్డకట్టించి దాస్తారు. మెల్ఫలాన్ అనే కీమో మందు పెద్ద డోసు ఇచ్చాక అవే వెనక్కి ఎక్కిస్తారు. తనవి తనకే కాబట్టి ఆ రకం తిరస్కరణ లేదు, ప్రాణాపాయం చాలా తక్కువ. దాత కణాల దాడి కూడా ఉండదు కాబట్టి జబ్బు తిరగబెట్టే భయం మాత్రం ఎక్కువ.

‘మాది ఆటోలోగసే కదా’ అని ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించమని అడిగేవాళ్లుంటారు. వద్దు. దగ్గరి బంధువుల లింఫోసైట్లనే తెల్లకణాలను ఒళ్లు పరాయివిగా పోల్చుకోలేకపోవచ్చు. అవి లోపలే పెరిగి రోగి మీదే తిరగబడతాయి. వారం పదిరోజులకు జ్వరం, దద్దుర్లు, విరేచనాలు మొదలై, కౌంట్లు పడిపోతాయి. ఇది వస్తే బతకడం చాలా అరుదు. అందుకే రెండు రకాల్లోనూ రేడియేషన్ ఇచ్చిన బ్యాగులే వాడాలి. తెల్లకణాల ఫిల్టర్ ఒక్కటే దీన్ని ఆపదు. బ్యాగు మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. రేడియేషన్ పడ్డాక చాలా స్టిక్కర్లలో ‘నాట్ ఇర్రేడియేటెడ్’లో ‘నాట్’ కనబడకుండా పోతుంది. ఎక్కించేముందు నర్సుని చూపించమనండి.

ఇక వరసగా చెప్తాను, రాసుకోండి.

రక్తం ఇవ్వాలనుంటే బ్లడ్ బ్యాంకుకి బదులుగా ఇవ్వండి. ‘ఈ బ్యాగు మా రోగికి వద్దు’ అని ఫారంలో రాయించండి.

ఇప్పటిదాకా ఎవరి రక్తం ఎక్కిందో తేదీలతో సహా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి చెప్పండి. దాయొద్దు. సగం మ్యాచ్ అయితే రోగి ఒంట్లో దాత కణాలకు ఎదురుతిరిగే యాంటీబాడీలున్నాయా అని పరీక్ష చేయించారో లేదో అడగండి.

మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపూ ఐసుముక్కలు చప్పరించమంటారు. పళ్లు జివ్వుమంటున్నాయని మానొద్దు, నోటిపూత తగ్గేది దానివల్లే.

పిల్లలు కావాలనుకునేవాళ్లు వీర్యం, అండాలు దాచుకునే సంగతి కండిషనింగ్‌కి ముందే అడగండి. తర్వాత అడిగి లాభం లేదు.

జీవీహెచ్‌డీ రాకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు లెవెల్ చూసే రోజు పొద్దుటి డోసు వేసుకోకుండా రక్తం ఇవ్వండి. వేసుకుని వెళ్తే రీడింగ్ తప్పు.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. ఆ గంటలోనే ఆస్పత్రి.

అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దుర్లొస్తే ‘వేడి చేసింది’ అనుకోవద్దు, జీవీహెచ్‌డీ కావచ్చు. ఫోటో తీసి పంపండి, అదేరోజు వెళ్లండి.

మళ్లీ చెప్తున్నా: అన్నదైనా, అమ్మదైనా, మేనమామదైనా ఆ రక్తం రోగికి వద్దు. ప్లేట్‌లెట్లు కూడా అంతే. అర్ధరాత్రి ప్లేట్‌లెట్లు దొరక్క ‘మీ తమ్ముడున్నాడుగా’ అని ఎవరైనా అంటే, ముందు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి ఫోన్ కలపండి. ఆయన సరే అన్నాకే సంతకం.